హడూప్‌లో మూడు కాపీలు తీసేసి ఎరేజర్ కోడింగ్ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మా ఆఫీసులో 14 మెషీన్ల హడూప్ క్లస్టర్ ఉంది. ప్రతి ఫైలూ మూడు కాపీలు కావడంతో డిస్కులు 80 శాతం నిండిపోయాయి. ఎరేజర్ కోడింగ్ పెడితే సగం జాగా మిగులుతుందని మా సీనియర్ అంటున్నారు. పూర్తి కాపీ ఒక్కటీ అదనంగా లేకుండా డిస్కు పోతే డేటా ఎలా తిరిగొస్తుంది? ఉన్న డేటా మొత్తాన్నీ అందులోకి మార్చేయొచ్చా?

జవాబు:

మీ సీనియర్ చెప్పిన లెక్క నిజమేనండీ. 100 టీబీ డేటాకు మూడు కాపీలైతే 300 టీబీ డిస్కు కావాలి. హడూప్ ఫైల్ సిస్టమ్ హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో మామూలుగా వాడేది 6+3 ఎరేజర్ కోడింగ్, అంటే ప్రతి ఆరు డేటా ముక్కలకూ మూడు అదనపు ముక్కలు. దాంతో అదే డేటా 150 టీబీలో సరిపోతుంది. పైగా మూడు కాపీల్లో రెండు పోయినా తట్టుకుంటాం, 6+3లో మూడు ముక్కలు పోయినా తట్టుకుంటాం. కానీ డేటా మొత్తాన్నీ మార్చేయకండి. రాయడం అయిపోయి ఇక మారని, అరుదుగా చదివే, పెద్ద పెద్ద ఫైళ్లను మాత్రమే మార్చండి. చిన్న ఫైళ్లను మారిస్తే జాగా మిగలకపోగా ఇంకా ఎక్కువ పడుతుంది. ఎందుకో కింద చెప్తాను. పదేళ్లుగా స్టోరేజ్ క్లస్టర్లు చూసుకుంటున్నాను, ఈ పొరపాటు మా దగ్గరే జరిగింది.

ముందు, కాపీ లేకుండా డేటా ఎలా తిరిగొస్తుందో చూద్దాం. దీనికి స్కూల్లో నేర్చుకున్న సమీకరణాలు చాలు.

మన దగ్గర రెండు అంకెలున్నాయి అనుకోండి, 7, 4. వీటిని రెండు డిస్కుల్లో పెట్టాం. మరో రెండు డిస్కుల్లో వీటి కాపీలు కాకుండా లెక్కలు పెడదాం. మూడో డిస్కులో రెండింటి మొత్తం: 7 + 4 = 11. నాలుగో డిస్కులో మొదటిది, రెండోదానికి రెట్టింపు కలిపి: 7 + 8 = 15. ఇప్పుడు అసలు అంకెలున్న రెండు డిస్కులూ పోయాయి. చేతిలో 11, 15 మాత్రమే మిగిలాయి. 15 లోంచి 11 తీసేస్తే 4, అది రెండో అంకె. 11 లోంచి 4 తీసేస్తే 7, అది మొదటిది. రెండూ వచ్చేశాయి. అలా కాకుండా మొదటి డిస్కూ మూడో డిస్కూ పోయాయనుకోండి. మిగిలినవి 4, 15. 15 లోంచి 8 తీసేస్తే మళ్లీ 7. నాలుగు డిస్కుల్లో ఏ రెండు పోయినా ఇంతే.

ఏ రెండు డిస్కులు పోయినా బతకాలంటే కాపీల పద్ధతిలో ఒక్కో అంకెకు మూడు చోట్లు, అంటే మొత్తం ఆరు చోట్లు కావాలి. ఇక్కడ నాలుగే పట్టాయి. కాపీ ఒక్క అంకెనే కాపాడుతుంది. 11 అనే లెక్క మాత్రం 7 పోయినా పనికొస్తుంది, 4 పోయినా పనికొస్తుంది. ఏది పోతుందో ముందే తెలియదు కాబట్టి ఏది పోయినా అక్కరకొచ్చేదాన్ని దాచుకుంటున్నాం. జాగా మిగిలేది అందుకే. ఇలాంటి అదనపు ముక్కలనే పారిటీ అంటారు.

అసలు వ్యవస్థలో అంకెలకు బదులు బైట్లుంటాయి. మామూలు కూడికలైతే ఫలితం పెరిగి బైటులో పట్టకుండా పోతుంది కదా, అందుకని 256 విలువలే ఉండే ఒక ప్రత్యేకమైన గణితంలో ఈ లెక్కలు చేస్తారు. అందులో ఎంత కూడినా, ఎంత గుణించినా ఫలితం ఒక బైటే. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ ఇచ్చిన కోడ్ ఇది. సీడీల మీద గీతలు పడినా పాట ఆగకుండా రావడానికి, క్యూఆర్ కోడ్ కొంత చిరిగినా స్కాన్ అవడానికి కారణం ఇదే కుటుంబానికి చెందిన కోడ్‌లు. హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో పాలసీ పేర్ల ముందు కనిపించే RS అంటే ఆ ఇద్దరి పేర్లే.

ఒక చిన్న విషయం, చాలామంది పట్టించుకోరు. ఎరేజర్ అనే మాటకు ఇక్కడ అర్థం "ఏ ముక్క పోయిందో మనకు తెలుసు" అని. మూడు పారిటీ ముక్కలుంటే, పోయినవి ఏవో తెలిసినప్పుడు మూడింటిని తిరిగి తెచ్చుకోవచ్చు. ఏది చెడిపోయిందో తెలియకపోతే ఒక్కదాన్నే సరిచేయగలం. అందుకే ప్రతి 512 బైట్లకూ హెచ్‌డీఎఫ్‌ఎస్ దాచుకునే చెక్‌సమ్ ఇక్కడ చాలా ముఖ్యం. డిస్కు చెత్త డేటా ఇస్తే చెక్‌సమ్ పట్టుకుంటుంది, ఆ ముక్కను పోయినట్టే లెక్కగట్టి మిగతావాటితో మళ్లీ తయారుచేస్తారు.

ఇప్పుడు మీ క్లస్టర్‌కు వద్దాం. పాలసీ పేరు `RS-6-3-1024k`. ఫైలును 1 ఎంబీ ముక్కలుగా కోసి, మొదటి ఆరు ముక్కలను ఆరు మెషీన్లలో పెడుతుంది. వాటి మీద లెక్కగట్టిన మూడు 1 ఎంబీ పారిటీ ముక్కలను మరో మూడు మెషీన్లలో పెడుతుంది. ఇది ఒక వరస. తర్వాత ఆరు ఎంబీలకు మళ్లీ ఇలాగే. పేరు చివరున్న `1024k` ఆ ముక్క సైజే.

చిన్న ఫైళ్ల దగ్గర దెబ్బ తగిలేది ఇక్కడే. ఫైలు మొత్తం 300 కేబీ ఉందనుకోండి. ఆరు ముక్కలు చేయడానికి అందులో సరుకు లేదు, ఒకే ముక్క అవుతుంది. పారిటీలు మాత్రం మూడూ రాయాల్సిందే, ఒక్కొక్కటీ 300 కేబీ. అంటే ఒక ఫైలుకు నాలుగు రెట్లు. మూడు కాపీలే నయం.

నేను ఇంతకుముందు పనిచేసిన కంపెనీలో సరిగ్గా ఇదే జరిగింది. ఒక అప్లికేషన్ రోజుకు దాదాపు 2 లక్షల జేసన్ ఫైళ్లు పడేసేది, ఒక్కోటి 300 కేబీ లోపు. రోజుకు 60 జీబీ డేటా, మూడు కాపీలకు 180 జీబీ. "పాత లాగ్సే కదా" అని ఆ డైరెక్టరీని ఎరేజర్ కోడింగ్‌లోకి మార్చాం. రోజుకు 90 జీబీ అవుతుందనుకున్నది 240 జీబీ అయింది. నెల తిరిగేసరికి డిస్కు గ్రాఫ్ కిందకు రావాల్సింది పోయి పైకి పోతోంది. మొదట ట్రాష్ ఖాళీ కాలేదేమో అనుకున్నాం, తర్వాత స్నాప్‌షాట్లు అనుకున్నాం. రెండు రోజులు వెతికాక `hdfs dfs -du` లో రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బయటపడింది. మొదటి అంకె ఫైళ్ల అసలు సైజు, రెండోది డిస్కు మీద నిజంగా పట్టిన జాగా. రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే 1.5 దగ్గర రావాలి. మాకు 4 వచ్చింది. ఆ జేసన్ ఫైళ్లన్నీ రోజువారీగా కలిపి పెద్ద ఓఆర్‌సీ ఫైళ్లు చేశాక గానీ దారికి రాలేదు.

128 ఎంబీ ఫైలు దగ్గరకు వచ్చేసరికి ఈ గోల ఉండదు. అందులో 21 నిండు వరసలు, చివర రెండు ముక్కల అరకొర వరస ఒకటి. పారిటీ మొత్తం 66 ఎంబీ, కలిపి 194 ఎంబీ. అంటే 1.5 రెట్ల కంటే కొంచెమే ఎక్కువ. నేను వాడే కొలత ఇది: డైరెక్టరీలో సగటు ఫైలు సైజు 100 ఎంబీ దాటితేనే మార్చడం గురించి ఆలోచిస్తాను.

మిగిలిన జాగాకు బదులుగా మనం ఇచ్చుకునేది ఏమిటో ఇప్పుడు చెప్తాను. ఇదే అసలు విషయం, దీని మీద కాసేపు మనసు పెట్టండి.

మూడు కాపీల్లో ఒక బ్లాక్ పోతే మరో మెషీన్‌లో ఉన్న దాని కాపీని చదివి ఇంకో చోట రాస్తే అయిపోయింది. 128 ఎంబీ పోతే 128 ఎంబీ చదువుతాం. 6+3లో అదే 128 ఎంబీ పోతే, మిగిలిన ఎనిమిదింటిలో ఆరు ముక్కలు చదివి లెక్క కట్టాలి. అంటే 768 ఎంబీ, అదీ నెట్‌వర్క్ మీద, ఆరు మెషీన్ల నుంచి. పోయిన ప్రతి బైటుకూ ఆరు బైట్లు చదవాలి.

మీ క్లస్టర్ మీదే లెక్క వేద్దాం. ఒక్కో మెషీన్‌లో 4 టీబీ డిస్కులు 12, అంటే 48 టీబీ అనుకుంటున్నాను. ఒక మెషీన్ పూర్తిగా పోయింది, అందులో 30 టీబీ డేటా ఉంది. మిగిలిన 13 మెషీన్లు రోజువారీ పని ఆపకుండా, ఒక్కోటి సెకనుకు 200 ఎంబీ చొప్పున ఈ బాగుచేతకు ఇవ్వగలవు అనుకుందాం. మొత్తం సెకనుకు 2.6 జీబీ. కాపీలైతే 30 టీబీ చదవాలి, 3 గంటల పైచిలుకు పడుతుంది. ఎరేజర్ కోడింగ్ అయితే 180 టీబీ చదవాలి, 19 గంటలు దాటుతుంది. ఆ 19 గంటలూ మీ స్పార్క్ జాబులు అదే నెట్‌వర్క్ మీద పోటీ పడతాయి.

ఆ 19 గంటలు డేటాకు ప్రమాదమా అంటే, మీరు భయపడేంత కాదు. ఒక ముక్క పోయాక కూడా మరో రెండు పోయేదాకా 6+3 తట్టుకుంటుంది. ఒక కాపీ పోయాక మూడు కాపీల పద్ధతి మరొక్కదాన్నే తట్టుకుంటుంది. ఎక్కువ ముక్కలు పోయిన వాటిని నేమ్‌నోడ్ ముందు బాగుచేయిస్తుంది కూడా. బాధంతా వేగం గురించే.

ఇది పెద్ద కంపెనీలకూ తప్పలేదు. ఫేస్‌బుక్ తన వేర్‌హౌస్ క్లస్టర్‌లో 10+4 వాడినప్పుడు, బాగుచేత కోసం ర్యాక్‌ల మధ్య రోజుకు 180 టీబీకి పైగా ట్రాఫిక్ నడిచిందని 2013లో వచ్చిన ఒక పరిశోధనలో లెక్క ఉంది. మైక్రోసాఫ్ట్ అజూర్ దీనికి వేరే దారి వెతుక్కుని 2012లో ప్రకటించింది. 12 డేటా ముక్కలను ఆరేసి చొప్పున రెండు గుంపులు చేసి, గుంపుకొక సొంత పారిటీ, అందరికీ కలిపి మరో రెండు పారిటీలు పెట్టారు. ఒక్క ముక్క పోతే దాని గుంపులో ఉన్న ఆరు చదివితే చాలు, పన్నెండు అక్కర్లేదు. మొత్తం 16 ముక్కలు, అంటే 1.33 రెట్లే. హెచ్‌డీఎఫ్‌ఎస్‌తో వచ్చే పాలసీల్లో ఈ సౌకర్యం లేదు కాబట్టి మనం బాగుచేతల సంఖ్యనే తగ్గించుకోవాలి.

దానికి ఒక పద్ధతి ఉంది. మెషీన్ చెడిపోబోతోందని తెలిస్తే, డిస్కు ఎర్రర్లు మొదలైతే, అది పూర్తిగా పోయేదాకా ఆగకుండా డీకమిషన్ చేయండి. మెషీన్ బతికి ఉండగా డీకమిషన్ చేస్తే అందులోని ముక్కలను నేరుగా కాపీ చేసుకుంటుంది, ఆరు చదివి లెక్క కట్టే పని ఉండదు. అలాగే ర్యామ్ మార్చడానికని మెషీన్‌ను ఊరికే ఆపేయకండి. డిఫాల్ట్ సెట్టింగ్‌లో పదిన్నర నిమిషాలు కనిపించకపోతే నేమ్‌నోడ్ దాన్ని పోయినట్టు లెక్కగట్టి బాగుచేత మొదలుపెడుతుంది. మెయింటెనెన్స్ స్థితిలో పెట్టి ఆపండి.

మార్చకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. ఎరేజర్ కోడింగ్ ఉన్న ఫైలు మీద `hflush`, `hsync` పిలిస్తే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. డిస్కు మీద పడిందని ప్రోగ్రామ్ నమ్ముతుంది, నిజానికి పడి ఉండకపోవచ్చు. కాబట్టి హెచ్‌బేస్ లాగ్స్‌ లాంటివి, స్ట్రీమింగ్ జాబులు రాస్తూ ఉండే డైరెక్టరీలు మూడు కాపీల్లోనే ఉండనివ్వండి. గంటగంటకూ చదివే టేబుళ్లు కూడా అంతే. బ్లాక్ ఉన్న మెషీన్‌లోనే జాబు నడిచే లాభం ఇక్కడ పోతుంది, ప్రతి చదువూ ఆరు మెషీన్ల నుంచే. అందులో ఒకటి నెమ్మదిగా ఉంటే మొత్తం చదువు నెమ్మదిస్తుంది.

ఇక మార్చే విధానం. పాలసీ పెట్టగానే పాత ఫైళ్లు మారిపోతాయని చాలామంది అనుకుంటారు. మారవు. డైరెక్టరీకి పాలసీ పెడితే ఆ తర్వాత అందులో కొత్తగా రాసే ఫైళ్లకే వర్తిస్తుంది. `mv` చేసి ఆ డైరెక్టరీలోకి తెచ్చినా ఫైలు మూడు కాపీల్లోనే ఉంటుంది, ఎందుకంటే `mv` డేటాను కదపదు, పేరు మాత్రమే మారుస్తుంది. కొత్తగా కాపీ చేసి రాయాల్సిందే:

```
hdfs ec -enablePolicy -policy RS-6-3-1024k
hdfs dfs -mkdir /data/logs_ec
hdfs ec -setPolicy -path /data/logs_ec -policy RS-6-3-1024k
hadoop distcp -Ddfs.checksum.combine.mode=COMPOSITE_CRC \
  /data/logs/2022 /data/logs_ec/2022
hdfs dfs -du -s /data/logs_ec/2022
```

`COMPOSITE_CRC` ఎందుకంటే, మామూలు ఫైల్ చెక్‌సమ్ బ్లాకులు ఎలా పేర్చారన్నదాని మీద ఆధారపడుతుంది. పాత ఫైలుదీ కొత్త ఫైలుదీ అమరిక వేరు కాబట్టి డేటా ఒకటే అయినా చెక్‌సమ్ కలవక కాపీ ఫెయిల్ అవుతుంది. కొందరు చెక్‌సమ్ పోలికనే ఆపేస్తారు. పాత కాపీని తర్వాత తుడిచేయబోతున్నాం కదండీ, ఆ పోలిక లేకుండా నేనైతే ఒక్క ఫైలు కూడా తుడవను. మీ వెర్షన్ ఈ సెట్టింగ్‌ను ఒప్పుకుంటుందో లేదో ముందు ఒక చిన్న డైరెక్టరీ మీద చూసుకోండి.

కాపీ అయ్యాక కొత్తదాని మీద `hdfs fsck` నడిపి, `Under-erasure-coded block groups` అన్న చోట సున్నా ఉందో లేదో చూడండి. తర్వాత పాత డైరెక్టరీని పక్కకు జరిపి కొత్తదాన్ని దాని పేరుతో పెడితే హైవ్ టేబుళ్ల దారులు మార్చనక్కర్లేదు. ఎరేజర్ కోడింగ్‌లో రాసిన ఫైలు ఎక్కడికి జరిపినా అలాగే ఉంటుంది. ఒకటి రెండు వారాలు జాబులన్నీ సరిగ్గా నడిచాక పాతది తుడవండి. ట్రాష్ గడువు తీరేదాకా, ఆ డైరెక్టరీ మీద స్నాప్‌షాట్ ఉంటే అది తీసేదాకా జాగా ఖాళీ కాదు.

ఈ మధ్యకాలంలో పాతదీ కొత్తదీ రెండూ డిస్కు మీద ఉంటాయని గుర్తుంచుకోండి. మీ మొత్తం డిస్కు 672 టీబీ, అందులో 80 శాతం అంటే సుమారు 538 టీబీ వాడారు, ఖాళీ 134 టీబీ. అసలు డేటా 179 టీబీ దాకా ఉంటుంది. అందులో 120 టీబీ మార్చదగిన పాత పెద్ద ఫైళ్లు అనుకుందాం. వాటికి కొత్తగా 180 టీబీ కావాలి, మీ దగ్గర అంత లేదు. కాబట్టి నెలల వారీగా, ఒక్కో విడతకు 20 టీబీ డేటా చొప్పున చేయండి. ఒక విడతకు 30 టీబీ కొత్తగా పడుతుంది, పాతది తుడిచాక 60 టీబీ ఖాళీ అవుతుంది. ఆరు విడతల్లో అయిపోతుంది. చివరికి వాడకం 538 నుంచి 358 టీబీకి, అంటే 53 శాతానికి దిగుతుంది.

కాపీ మొదలుపెట్టేముందు ప్రతి మెషీన్‌లో `hadoop checknative` నడిపి ISA-L ఎదురుగా `true` ఉందో లేదో చూడండి. ఈ లెక్కలను ప్రాసెసర్‌లో వేగంగా చేసే ఇంటెల్ లైబ్రరీ అది. అది లేకపోయినా అన్నీ పనిచేస్తాయి, కానీ జావాలో చేసే లెక్క చాలా నెమ్మది, కాపీ ఎందుకు సాగట్లేదో అర్థంకాక అనవసరంగా టెన్షన్ పడతారు.

ఒకవేళ మీ దగ్గర ఎవరైనా "14 మెషీన్లున్నాయి, `RS-10-4-1024k` కి సరిగ్గా సరిపోతాయి, 1.4 రెట్లే పడుతుంది" అంటే ఒప్పుకోకండి. మొత్తం 14 ముక్కలు 14 మెషీన్లలో ఉంటే, ఒక మెషీన్ పోయినప్పుడు మళ్లీ తయారుచేసిన ముక్కను పెట్టడానికి వేరే మెషీన్ మిగలదు. కొత్త మెషీన్ వచ్చేదాకా అన్ని ఫైళ్లూ ఒక ముక్క తక్కువతోనే ఉంటాయి, బాగుచేతకు ఆరు బదులు పది చదవాలి. దీనంతటికీ మిగిలేది మీ 120 టీబీ మీద 12 టీబీ. 6+3కి తొమ్మిది మెషీన్లు చాలు, మీకు ఇంకా ఐదు చేతిలో ఉంటాయి. మీ మెషీన్లు ఎన్ని ర్యాక్‌లలో ఉన్నాయో కూడా చూసుకోండి. కనీసం మూడు ర్యాక్‌లుంటే ఒక్కో దాంట్లో మూడు ముక్కలకు మించవు, ఒక ర్యాక్ స్విచ్ పోయినా ఫైళ్లు చదవగలుగుతారు. రెండే ర్యాక్‌లైతే ఒకదాంట్లో ఐదు ముక్కలు పడతాయి, ఆ ర్యాక్ పోయిన రోజు అది తిరిగొచ్చేదాకా ఆ ఫైళ్లు తెరుచుకోవు.